రెండు చోట్లా ఒకే అంకె, అయినా తప్పే: ఏప్రిల్–మార్చి లెక్కలో జారిపోయిన ఒక్క రోజు

ప్రశ్న: మాది విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు. అకౌంట్స్ నేనే చూస్తాను. బిల్లులు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి, అందులోంచి ఎక్సెల్‌లోకి దించుకుంటాను. ఏప్రిల్ నుంచి మార్చి సంవత్సరం రావాలని షీట్‌లో `=YEAR(A2-90)` పెట్టాను. డేటాబేస్‌లో `BETWEEN '2023-04-01' AND '2024-03-31'` అని రాశాను. 2023-24కి రెండింటిలోనూ పైసా తేడా లేకుండా ఒకే మొత్తం వస్తోంది. ఆడిటర్ గారి లెక్కలో మాత్రం 1,84,650 రూపాయలు ఎక్కువ ఉంది. 2022-23కి నా షీట్ ఆయన లెక్కతో సరిపోయింది. రెండు చోట్లా ఒకే అంకె వచ్చిందంటే మాదే కరెక్ట్ కదండీ? ఆయనకి ఏం చెప్పాలి?

జవాబు:

ఆయనకి ఇప్పుడే ఏమీ చెప్పకండి. ముందు ఇది నడిపి చూడండి.

```sql
SELECT SUM(amount)
FROM bills
WHERE bill_date >= '2024-03-31'
  AND bill_date <  '2024-04-01';
```

1,84,650 వస్తుందని నా నమ్మకం. అంటే 2024 మార్చి 31 అనే ఒక్క రోజు అమ్మకం మీ రెండు లెక్కల్లోంచీ జారిపోయింది. షీట్‌లో జారిన కారణం వేరు, డేటాబేస్‌లో జారిన కారణం వేరు. రెండు వేర్వేరు తప్పులు ఒకే రోజు మీద పడ్డాయి కాబట్టి ఒకే అంకె వచ్చి మిమ్మల్ని నమ్మించింది. రిపోర్టుల పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, రెండు తప్పులు ఇంత ముచ్చటగా కలవడం చాలా తక్కువ సార్లు చూశాను.

షీట్ సంగతి ముందు చూద్దాం. 90 తీసేయడం వెనక మీ ఆలోచన సబబే. జనవరికి 31, ఫిబ్రవరికి 28, మార్చికి 31, కలిపితే 90. ఏప్రిల్ 1 నుంచి 90 రోజులు వెనక్కి వెళ్తే జనవరి 1 దగ్గర ఆగుతాం, మార్చి 31 నుంచి వెళ్తే కిందటేడు డిసెంబర్ 31 దగ్గర ఆగుతాం. 2023లో సరిగ్గా ఇదే జరిగింది, అందుకే 2022-23 మీకు ఆడిటర్ గారితో కలిసింది. 2024 లీపు సంవత్సరం. ఫిబ్రవరికి 29 రోజులు, మూడు నెలలూ కలిపితే 91. అప్పుడు మార్చి 31 నుంచి 90 రోజులు వెనక్కి వెళ్తే 2024 జనవరి 1 దగ్గరే ఆగిపోతాం. డిసెంబర్‌లోకి దిగం. `YEAR` 2024 అని చెబుతుంది, ఆ రోజు బిల్లులన్నీ 2024-25 ఖాతాలో పడతాయి.

పోనీ 91 పెడితే? అప్పుడు మామూలు సంవత్సరాల్లో ఏప్రిల్ 1 కిందటి సంవత్సరంలోకి పోతుంది. రోజుల లెక్కతో ఏ ఒక్క అంకే అన్ని సంవత్సరాలకీ సరిపోదు.

ఇందులో ఇంకో చిక్కుంది. షీట్‌లో ఆ 1,84,650 మాయమవలేదు, పక్క సంవత్సరంలోకి జరిగింది. అన్ని సంవత్సరాలూ కలిపి మొత్తం చూస్తే అంతా టాలీ అవుతుంది, అనుమానం రాదు. మీరు 2024-25 రిపోర్టు కూడా ఈ ఫార్ములాతోనే తయారు చేసి ఉంటే అందులో సరిగ్గా ఇంతే ఎక్కువ ఉంటుంది. అది కూడా తీసి దిద్దండి. 2019-20 పాత షీట్లున్నా అదే జబ్బు, ఎందుకంటే 2020 కూడా లీపే.

ఇక డేటాబేస్. మీ `bill_date` కాలమ్ ఏ రకమో మీరు చెప్పలేదు గానీ, ఫలితాన్ని బట్టి అది తేదీతో పాటు టైమూ ఉన్న `timestamp` అయ్యుండాలి. ఉత్త `date` కాలమ్ అయితే `BETWEEN` మార్చి 31ని వదలదు, రెండు చివరలనీ కలుపుకుంటుంది. టైము ఉన్న కాలమ్‌తో పోల్చేటప్పుడు మాత్రం `'2024-03-31'` అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి, 00:00:00. ఉదయం పదిన్నరకి కొట్టిన బిల్లు దానికంటే తర్వాతది కాబట్టి బయటే ఉండిపోతుంది. షాపు తీశాక కొట్టిన బిల్లులన్నీ అంతే, ఆ రోజు రోజంతా పోతుంది. పైగా మీ వ్యాపారంలో మార్చి 31 ఎలాంటి రోజో మీకు నేను చెప్పాలా? టార్గెట్లు, స్కీములు పూర్తి చేయడానికి రాత్రి దాకా బిల్లులు కొడుతూనే ఉంటారు. 2024లో ఆ రోజు ఆదివారం పడినా ప్రభుత్వ లావాదేవీల కోసం ఏజెన్సీ బ్యాంకులని తెరిచి ఉంచమని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఏడాదిలో ఒక్క రోజు పోతే పోయిందిలే అనుకోవడానికి లేని రోజు అది.

నా మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీ `BETWEEN` క్వెరీనే 2022-23కి నడపండి. షీట్ ఆ ఏడాదికి కరెక్టు, కానీ క్వెరీ ప్రతి ఏడాదీ మార్చి 31ని వదిలేస్తుంది. కాబట్టి డేటాబేస్ అంకె షీట్ కంటే తక్కువ రావాలి, ఆ తేడా 2023 మార్చి 31, శుక్రవారం నాటి అమ్మకంతో సమానం కావాలి. అలా వస్తే జబ్బు ఇదే.

ఇప్పుడు మందు. ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో కూడా, ఇది చాలు:

```
=YEAR(A2)-(MONTH(A2)<4)
```

నెల 4 కంటే తక్కువైతే, అంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి అయితే, బ్రాకెట్‌లోది నిజం అవుతుంది. లెక్కలోకి దిగేసరికి అది 1గా మారి సంవత్సరంలోంచి ఒకటి తగ్గిస్తుంది. మిగతా తొమ్మిది నెలలకి సున్నా తగ్గుతుంది. రోజుల ఊసే లేదు కాబట్టి లీపు గొడవ లేదు. వచ్చేది మొదలైన సంవత్సరం: 2024 మార్చి 31కి 2023, మర్నాటికి 2024. ఇది `B` కాలమ్‌లో ఉందనుకుంటే, రిపోర్టులో కనబడాల్సిన పేరు పక్క కాలమ్‌లో ఇలా:

```
=B2&"-"&TEXT(MOD(B2+1,100),"00")
```

2023 ఉన్న చోట 2023-24 వస్తుంది. రెండు కాలమ్‌లూ ఎందుకంటారా? లెక్కలకి, వరసకి, పోలికలకి అంకె కాలమ్ వాడండి. పేరు కాలమ్ చూపించడానికి మాత్రమే. ఈ పేరుని సీఎస్‌వీ ఫైల్‌గా దాచి మళ్లీ ఎక్సెల్‌లో తెరిస్తే, 2023-24 అలాగే ఉంటుంది గానీ 2011-12 మాత్రం Dec-11 అయి కూర్చుంటుంది. పన్నెండో నెల ఉంది కదా, ఎక్సెల్ దాన్ని 2011 డిసెంబర్ అనుకుంటుంది. 2000-01 నుంచి 2011-12 దాకా అన్నిటికీ ఇదే గతి. మీవి కొత్త బిల్లులే కాబట్టి తగలదు, కానీ ఇరవై ఏళ్ల పోలిక పట్టీ అడిగే యజమానులూ ఉంటారు.

పివట్ టేబుల్ గురించి కూడా ఒక మాట. తేదీని లాగి పడేస్తే ఎక్సెల్ తనంతట తానే సంవత్సరాలుగా గుంపులు కడుతుంది, కానీ అది జనవరి–డిసెంబర్ సంవత్సరం. ఏప్రిల్ నుంచి మొదలుపెట్టమని చెప్పే వీలు అందులో లేదు. పైన చెప్పిన కాలమ్ వేసుకుని దాన్నే రో కింద పెట్టుకోవాలి. నెలల వరస కూడా జనవరితో మొదలవుతుంది. దానికి `=MOD(MONTH(A2)+8,12)+1` అని ఇంకో కాలమ్ వేసుకుంటే ఏప్రిల్ 1, మార్చి 12 అవుతాయి. కొందరు `MONTH(A2)-4` తో మొదలుపెడతారు. షీట్‌లో అదీ పనిచేస్తుంది. కానీ అదే లెక్కని ఎస్‌క్యూఎల్‌లో `%` గుర్తుతో రాస్తే జనవరికి మైనస్ 3 వచ్చి, ఒకటి కలిపాక మైనస్ 2 అవుతుంది. 8 కలిపే పద్ధతి రెండు చోట్లా నిలబడుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో అన్ని సంవత్సరాలూ ఒకేసారి కావాలంటే:

```sql
SELECT EXTRACT(YEAR FROM bill_date - INTERVAL '3 months')::int AS fy,
       SUM(amount) AS total
FROM bills
GROUP BY 1
ORDER BY 1;
```

ఇక్కడ కూడా వెనక్కే వెళ్తున్నాం, కానీ రోజులు కాదు, నెలలు. మార్చి 31 నుంచి మూడు నెలలు వెనక్కి అంటే డిసెంబర్ 31, లీపు అయినా కాకపోయినా. మే 31 నుంచి వెళ్తే ఫిబ్రవరి 31 లేదు కదా అని సందేహం రావచ్చు. పోస్ట్‌గ్రెస్ ఫిబ్రవరి ఆఖరి రోజు దగ్గర ఆపుతుంది, ఆ నెల దాటదు. మనకి కావలసింది సంవత్సరమే కాబట్టి ఇబ్బంది లేదు. మైఎస్‌క్యూఎల్ అయితే `YEAR(bill_date - INTERVAL 3 MONTH)`, ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే `YEAR(DATEADD(MONTH, -3, bill_date))`. ఎస్‌క్యూలైట్ ఒక్కదానితో జాగ్రత్త. అది లేని తేదీని తర్వాతి నెలలోకి తోసేస్తుంది. సంవత్సరం కరెక్టుగానే వస్తుంది గానీ, డిసెంబర్ 31 నుంచి మూడు నెలలు వెనక్కి అడిగితే సెప్టెంబర్ 31 లేదని అక్టోబర్ 1 చూపిస్తుంది. దాని మీద క్వార్టర్ లెక్కిస్తే మూడో క్వార్టర్ ఆఖరి రోజు నాలుగో దాంట్లో పడుతుంది.

ఒక్క సంవత్సరమే కావాలంటే `BETWEEN` మానేసి ఇలా రాయడం అలవాటు చేసుకోండి:

```sql
WHERE bill_date >= '2023-04-01'
  AND bill_date <  '2024-04-01'
```

రెండో గీత దగ్గర సమానం గుర్తు లేదు, చూడండి. ఏప్రిల్ 1 మొదలయ్యే అర్ధరాత్రి దాకా, అది కాకుండా. కాలమ్‌లో టైము ఉన్నా లేకపోయినా ఇది ఒకేలా పనిచేస్తుంది. `'2024-03-31 23:59:59'` అని రాసేవాళ్లు ఉన్నారు, నేనూ ఒకప్పుడు రాశాను. సెకనులో భాగాలు దాచే కాలమ్‌లో ఆ చివరి సెకనులో పడిన బిల్లు జారుతుంది. మీ షాపులో ఆ సెకనుకి ఎవరూ బిల్లు కొట్టరనుకోండి, కానీ మంచి పద్ధతి ఉండగా చెడ్డది ఎందుకు?

ఇంతా చేశాక కూడా తేడా మిగిలితే, నేను వరసగా అనుమానించేవి చెబుతాను.

మొదటిది టైమ్‌జోన్. క్లౌడ్‌లో ఉండే డేటాబేస్‌లు చాలా వరకు యూటీసీలో నడుస్తాయి, మనకంటే అయిదున్నర గంటలు వెనక. మన ఏప్రిల్ 1 తెల్లవారుజామున అయిదున్నర లోపు జరిగింది అక్కడ ఇంకా మార్చి 31. మీ కౌంటర్ బిల్లులకి ఇది తగలదు, పగటి పూట రెండు చోట్లా తేదీ ఒకటే. ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా తీసుకుంటూ ఉంటే మాత్రం తగులుతుంది. కాలమ్ `timestamptz` అయితే `bill_date` ఉన్న చోటల్లా `bill_date AT TIME ZONE 'Asia/Kolkata'` అని రాయండి.

రెండోది ఎక్సెల్‌లోకి దించేటప్పుడు జరిగే ప్రమాదం. నన్నడిగితే ఇదే అన్నింటికంటే ప్రమాదకరం, ఎందుకంటే ఎర్రర్ చూపించదు. కంప్యూటర్ తేదీ పద్ధతి అమెరికాది ఉంటే, సీఎస్‌వీలో ఉన్న 03-04-2024ని, అంటే మన ఏప్రిల్ 3ని, అది మార్చి 4 అని చదువుతుంది. బిల్లు కిందటి ఆర్థిక సంవత్సరంలోకి పోయింది. 25-03-2024ని చదవలేదు, 25వ నెల లేదు కాబట్టి దాన్ని ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అలా ఒకే కాలమ్‌లో సగం తిరగబడిన తేదీలు, సగం అక్షరాలు. `=COUNTA(A2:A5000)` నీ `=COUNT(A2:A5000)` నీ పోల్చండి. మొదటిది ఎక్కువ వస్తే ఆ తేడా అంతా తేదీ కాని గళ్లే. అప్పుడు టెక్స్ట్ టు కాలమ్స్‌తో సరిచేద్దామని చూడకండి. అక్షరాలు తేదీలవుతాయి, కానీ అప్పటికే తిరగబడినవి అలాగే ఉండిపోతాయి, ఇక ఏది ఏదో తెలియదు. ఆ షీట్ పారేసి, డేటాబేస్ నుంచి `2024-04-03` అనే రూపంలో మళ్లీ దించుకోవడమే.

పివట్‌లో 1899-00 అనే వింత సంవత్సరం కనిపిస్తే కంగారు పడకండి. తేదీ లేని ఖాళీ గడి అది. ఎక్సెల్ ఖాళీని 1900 జనవరి అనుకుంటుంది, గూగుల్ షీట్స్ 1899 డిసెంబర్ అనుకుంటుంది. మన ఫార్ములాలో రెండూ 1899కే చేరతాయి. నేను దాన్ని కావాలనే దాచను. తేదీ వేయని బిల్లులని పట్టిచ్చే కాపలావాడు ఊరికే దొరికాడు కదా.

మూడోది బిల్లు నంబర్. జీఎస్టీ నియమం ప్రకారం బిల్లు నంబర్ ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, పదహారు అక్షరాలు మించకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో, అంతే. ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టుకోవచ్చు, చాలా షాపులు అదే చేస్తాయి. నేను ఒకచోట వసూళ్ల పట్టికని బిల్లుల పట్టికతో ఉత్త బిల్లు నంబర్ మీద జాయిన్ చేశాను. 2021-22లోని 147వ బిల్లుకి వచ్చిన డబ్బు 2022-23లోని 147కి కూడా అంటుకుంది. రెండేళ్ల వసూళ్లు దాదాపు రెట్టింపు కనిపించాయి, యజమాని సంబరపడ్డాడు, ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అప్పటి నుంచి నా దగ్గర ఆర్థిక సంవత్సరం, బిల్లు నంబర్ రెండూ కలిస్తేనే ఒక తాళంచెవి. వసూళ్ల పట్టికలో పెట్టాల్సిన ఆర్థిక సంవత్సరం కూడా బిల్లు తేదీది, డబ్బు వచ్చిన తేదీది కాదు. మార్చి 28న బిల్లు కొట్టి ఏప్రిల్ 3న డబ్బు వస్తే, అమ్మకం కిందటేడుదే. ఆడిటర్ గారు అమ్మకాలని బిల్లు తేదీ మీదే చూస్తారు. మీ క్వెరీలో పొరపాటున ఎంట్రీ తేదీయో వసూలు తేదీయో వాడి ఉంటే ఏప్రిల్ మొదటి వారం అంతా గందరగోళంగా ఉంటుంది.

పేరు విషయంలో కూడా ఆయనతో ఒక మాట అనుకోండి. ఎఫ్‌వై24 అంటే మన దగ్గర ఎక్కువ మంది 2024 మార్చితో ముగిసే సంవత్సరం అనుకుంటారు, మన `fy` కాలమ్‌లో మాత్రం దానికి 2023 ఉంటుంది. పైగా పాత ఆదాయపు పన్ను కాగితాల్లో ఇదే సంవత్సరానికి అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 అని ఉంటుంది. రిపోర్టు మీద 2023-24 అని నిండుగా రాసేయడమే క్షేమం.

ఫార్ములా మార్చాక మొత్తం డేటా మీద వదిలే ముందు ఒక ఖాళీ షీట్‌లో అయిదు తేదీలు కొట్టి చూడండి: 2023 మార్చి 31, 2023 ఏప్రిల్ 1, 2024 ఫిబ్రవరి 29, 2024 మార్చి 31, 2024 ఏప్రిల్ 1. వరసగా 2022, 2023, 2023, 2023, 2024 రావాలి. మీ పాత `A2-90` కూడా పక్కన పెట్టి చూస్తే నాలుగో గడిలో 2024 కనిపిస్తుంది, అక్కడే దొరికిపోతుంది.

2022-23 డేటాబేస్ అంకె ఎంత తగ్గిందో చూసి ఇక్కడ రాయండి. అది 2023 మార్చి 31 అమ్మకంతో పైసలతో సహా సరిపోతే పని అయిపోయినట్టే. కాస్త అటూ ఇటూ అయితే ఆన్‌లైన్ ఆర్డర్లు ఉన్నాయో లేదో, `bill_date` కాలమ్ ఏ రకమో కూడా చెప్పండి, టైమ్‌జోన్ నుంచి మొదలుపెడదాం.